చలికి లొంగని లిస్టీరియా

అమెరికాలో ఉంటున్న తెలుగమ్మాయి నెల తప్పి తొలిసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, తినకూడనివాటి జాబితా ఒకటి చేతికి వస్తుంది. ఇంటి నుంచి అమ్మ, అత్త ఫోనులో గుర్తుచేసే బొప్పాయి, అనాస మీద అందులో పెద్ద పట్టింపు ఉండదు. సూపర్‌మార్కెట్ కౌంటర్‌లో పల్చగా కోసి అమ్మే టర్కీ, హ్యామ్, సలామీ ముక్కలు వద్దంటుంది. పొగపెట్టిన సాల్మన్ చేప వద్దంటుంది. బ్రీ, కామంబేర్, కేసో ఫ్రెస్కో లాంటి మెత్తని చీజ్‌లు వద్దంటుంది. ఆఫీసు క్యాంటీన్‌లో అందరూ రోజూ తినే శాండ్‌విచ్ గర్భిణికి మాత్రం ఎందుకు కూడదో ఆ కాగితం వివరంగా చెప్పదు. కారణం లిస్టీరియా మోనోసైటోజీన్స్ అనే ఒక బ్యాక్టీరియా. అది తెచ్చే జబ్బు అరుదైనదే. అమెరికా అంత పెద్ద దేశంలోనూ ఏడాదికి రెండు వేల కేసుల లోపే ఉంటాయి. అయితే మిగతావారితో పోలిస్తే గర్భిణులకు అది సోకే అవకాశం సుమారు పది రెట్లు ఎక్కువ. సోకితే నష్టమంతా దాదాపు కడుపులోని బిడ్డకే.

ఈ జబ్బు ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే 2017లో దక్షిణాఫ్రికాలో జరిగినదాన్ని చూడాలి. ప్రపంచంలో ఇప్పటివరకు నమోదైన లిస్టీరియా వ్యాప్తుల్లో అదే అతి పెద్దది. ఆ దేశంలో మామూలుగా ఏడాదికి అరవై నుంచి ఎనభై కేసులు వచ్చేవి. 2017 జూలైలో జొహనెస్‌బర్గ్ దగ్గరి క్రిస్ హానీ బరగ్వానత్ ఆసుపత్రిలోనూ, ప్రిటోరియాలోని స్టీవ్ బికో ఆసుపత్రిలోనూ నవజాత శిశువుల వైద్యులు ఒక తేడా గమనించారు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో ఇన్‌ఫెక్షన్‌తో వస్తున్న పసికందుల్లో లిస్టీరియా మాటిమాటికీ కనిపిస్తోంది. వాళ్లు జాతీయ అంటువ్యాధుల సంస్థకు కబురు పెట్టారు. డిసెంబరు నాటికి ప్రభుత్వం వ్యాప్తిని బహిరంగంగా ప్రకటించి, ప్రతి కేసునూ తప్పక నివేదించాలని ఆదేశించింది. అంతకుముందు ఆ దేశంలో అలాంటి నిబంధనే లేదు.

కేసులు కళ్లముందే ఉన్నా, ఏ ఆహారం నుంచి వస్తోందో పట్టుకోవడానికి నెలలు పట్టింది. దానికి కారణం ఈ జబ్బు స్వభావంలోనే ఉంది. పాడైన అన్నం తింటే సాయంత్రానికల్లా వాంతులవుతాయి, ఏది తిన్నామో గుర్తుంటుంది. గర్భిణి విషయంలో లిస్టీరియా అలా కాదు. తిన్న రోజుకూ జబ్బు బయటపడే రోజుకూ మధ్య దాదాపు నాలుగు వారాల ఎడం ఉంటుంది. ఫ్రాన్స్‌లో పరిశీలించిన కేసుల్లో అది 17 రోజుల నుంచి 67 రోజుల దాకా సాగింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని కూర్చోబెట్టి, కిందటి నెలలో ఏమేం తిన్నావమ్మా అని అడిగితే ఆమె మాత్రం ఏం చెప్పగలదు? అయినా అడిగారు. మాట్లాడగలిగిన 109 మందిలో 93 మంది, వండకుండా నేరుగా తినే మాంసపు పదార్థాలు తిన్నామన్నారు. అందులో ఎక్కువమంది చెప్పిన పేరు పోలొనీ. అది మాంసాన్ని మెత్తగా రుబ్బి, గొట్టంలాంటి తొడుగులో నింపి, ఉడికించి, చల్లార్చి అమ్మే చవక సరుకు. ముక్కలు కోసి బ్రెడ్డులో పెట్టుకుని పిల్లలు బడికి తీసుకెళ్తారు.

అనుమానం ఉన్నా రుజువు లేదు. ఆ రుజువు 2018 జనవరిలో సొవెటోలోని ఒక చిన్నపిల్లల సంరక్షణ కేంద్రం నుంచి వచ్చింది. అక్కడి పిల్లలు తొమ్మిది మంది, అందరూ ఐదేళ్లలోపువాళ్లే, జ్వరం, విరేచనాలతో బరగ్వానత్ ఆసుపత్రికి చేరారు. ఒక బిడ్డ మలంలో లిస్టీరియా దొరికింది. ఆరోగ్య అధికారులు ఆ కేంద్రానికి వెళ్లి ఫ్రిజ్ తెరిచి, అందులో ఉన్న పోలొనీ నమూనాలు తీసుకున్నారు. రోగుల నుంచి సేకరించిన బ్యాక్టీరియాల జన్యుక్రమాన్ని అప్పటికే చదివి ఉంచారు. పదింటిలో తొమ్మిది ఎస్‌టీ6 అనే ఒకే రకానికి చెందినవి. పోలొనీలో దొరికిందీ అదే. దాని జాడ పట్టుకుని పోలొక్వానే పట్టణంలోని ఎంటర్‌ప్రైజ్ ఫుడ్స్ కర్మాగారానికి వెళ్తే, అక్కడి పరిసరాల్లోనూ ఎస్‌టీ6 దొరికింది. 2018 మార్చి 4న ఆరోగ్య మంత్రి ఆరన్ మోత్సోలెడి ఆ సంగతి ప్రకటించి సరుకును వెనక్కి రప్పించారు. అప్పటినుంచి కేసులు తగ్గుముఖం పట్టాయి. మొత్తం లెక్క వెయ్యి దాటింది: 1,060 కేసులు, 216 మరణాలు. వివరంగా పరిశీలించిన కేసుల్లో సగం గర్భానికి సంబంధించినవే, వాటిలోనూ ఎక్కువ భాగం నవజాత శిశువులే.

పోలొనీ పచ్చి మాంసం కాదు, కర్మాగారంలో బాగా ఉడికినదే. ఆ వేడికి లిస్టీరియా చస్తుంది కూడా. మరి బతికున్న బ్యాక్టీరియా ఎక్కడిది? ఉడికిన తర్వాత వచ్చింది. చల్లార్చేచోట, తొడుగు వలిచేచోట, కోతయంత్రం దగ్గర, ప్యాక్ చేసే బల్ల మీద మాంసం మళ్లీ పరిసరాలను తాకుతుంది. ఆ గదులు ఎప్పుడూ చల్లగా, తడిగా ఉంటాయి. నేల మీది మురుగు కాల్వల్లో, కన్వేయర్ బెల్టు సందుల్లో, బ్లేడు బిగించిన మర చాటున లిస్టీరియా జిగురుపొర కట్టుకుని కూర్చుంటుంది. పైపైన కడిగితే ఆ పొర పోదు. 1988లో అమెరికాలో టర్కీ సాసేజ్ తిన్న ఒకరికి ఈ జబ్బు చేసింది. పన్నెండేళ్ల తర్వాత, 2000లో, అదే కర్మాగారం నుంచి వచ్చిన టర్కీ మాంసంతో మళ్లీ జనం జబ్బుపడ్డారు. రెండింటి జన్యుక్రమాలూ పోల్చి చూస్తే దాదాపు ఒకటే బ్యాక్టీరియా. పన్నెండేళ్లూ అది ఆ గోడల మధ్యే కాపురముంది.

సరుకు మీద పడే బ్యాక్టీరియాలు మొదట్లో కొద్దివే. వాటిని ప్రమాదకరమైన సంఖ్యకు చేర్చేది ఫ్రిజ్. ఆహారాన్ని చెడగొట్టే, జబ్బు చేసే సూక్ష్మజీవుల్లో చాలావాటికి నాలుగైదు డిగ్రీల చలిలో ఎదుగుదల ఆగిపోతుంది. లిస్టీరియా మాత్రం సున్నా డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. చలిలో కొవ్వు గడ్డకట్టినట్టే కణపు పొర కూడా బిరుసెక్కాలి. లిస్టీరియా తన పొరలోని కొవ్వు ఆమ్లాల తీరు మార్చుకుని దాన్ని మెత్తగా ఉంచుకుంటుంది. చుట్టూ ఉన్న ఆహారం నుంచి బీటైన్, కార్నిటీన్ అనే పదార్థాలను లోపలికి లాక్కుని చలినీ ఉప్పునీ తట్టుకుంటుంది. కార్నిటీన్ మాంసంలో పుష్కలంగా ఉంటుంది. సలామీ, హ్యామ్‌లలో వేసే ఉప్పు మోతాదు దానికి లెక్కలోది కాదు. పది శాతం ఉప్పులోనూ పెరగగలదు. పైగా ఉడికించినప్పుడు దాని పోటీదారులన్నీ చచ్చాయి, గాలి తీసేసిన ప్యాకెట్, చలి, ఉప్పు కలిసి మిగిలినవాటిని అణిచిపెట్టాయి. మైదానమంతా లిస్టీరియాదే.

లెక్క కోసం, ఒక ముక్క మీద పది బ్యాక్టీరియాలు పడ్డాయనీ, ఫ్రిజ్‌లో రెండు రోజులకోసారి రెట్టింపవుతున్నాయనీ అనుకుందాం. నెల రోజుల్లో పదిహేనుసార్లు రెట్టింపై మూడు లక్షలు దాటుతాయి. ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీస్తూ లోపల ఎనిమిది డిగ్రీలకు చేరితే ఆ సంఖ్య ఇంకా ముందే వస్తుంది. అన్ని లక్షలున్నా ముక్క రంగు మారదు, వాసన రాదు, జిగురు తేలదు. పాడైందో లేదో వాసన చూసి తేల్చే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. వాడే గడువు తేదీ లోపలే ఉన్నా అంతే.

పొగపెట్టిన సాల్మన్‌ది ఇంకా కష్టమైన సంగతి, ఎందుకంటే అందులో చంపే దశే లేదు. దుకాణాల్లో పల్చటి నారింజరంగు పొరలుగా దొరికే ఆ చేపను ఉప్పు పట్టించి, సుమారు ముప్పై డిగ్రీలు దాటని చల్లని పొగలో ఉంచుతారు. రుచి, మెత్తదనం కోసం వేడి తగలనివ్వరు. కడిగే నీళ్ల దగ్గర, చర్మం తీసే యంత్రం దగ్గర, ముక్కలు కోసే దగ్గర ఎక్కడ లిస్టీరియా అంటినా అది అలాగే ప్యాకెట్‌లోకి వెళ్లి, వారాల తరబడి చలిలో పెరుగుతుంది. వేడి పొగలో ఉడికిన చేప కొంత నయమే అయినా, తర్వాత కోసేటప్పుడు అంటే అంతే సంగతి. అదే చేపను పాస్తాలోనో పులుసులోనో వేసి పొగలు వచ్చేలా ఉడికిస్తే ఇబ్బంది లేదు. డబ్బాలో మూసి వేడిచేసిన చేపలకూ ఈ భయం లేదు.

చీజ్‌లన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. పార్మజాన్, చెడ్డార్ లాంటి గట్టి చీజ్‌లలో తేమ తక్కువ, పులుపు ఉంటుంది, నెలల తరబడి మాగుతాయి. అక్కడ లిస్టీరియాకు ఎదగడం కష్టం. బ్రీ, కామంబేర్ మొదట పుల్లగానే ఉంటాయి. వాటి మీద తెల్లటి బూజు పెంచుతారు. ఆ బూజు పులుపుకు కారణమైన లాక్టిక్ ఆమ్లాన్ని తినేస్తుంది. మాగేకొద్దీ చీజ్ పులుపు విరిగి, తేమతో, మెత్తగా తయారవుతుంది. మనకు రుచి పెరిగేది, లిస్టీరియాకు అనువు పెరిగేది ఒకే మార్పు వల్ల. మెక్సికో పద్ధతి తాజా చీజ్ కేసో ఫ్రెస్కో అసలు పులియదు, తేమ ఎక్కువ. 1985లో లాస్ ఏంజలెస్‌లో అలాంటి చీజ్ వల్ల 142 మంది జబ్బుపడ్డారు. అందులో 93 కేసులు గర్భిణులు, వాళ్ల బిడ్డలవే. ఇరవై పిండాలు, పదిమంది నవజాత శిశువులు చనిపోయారు. అక్కడ పాశ్చరైజ్ చేసిన పాలలో పచ్చి పాలు కలిశాయని పరీక్షల్లో తేలింది. పాశ్చరైజ్ చేసిన పాలతో చేసినా, తర్వాత అచ్చుల్లో పోసేటప్పుడు, కోసేటప్పుడు కల్మషం అంటవచ్చు. అందుకే కేసో ఫ్రెస్కో లాంటివాటికి లేబుల్ మీది ఆ ఒక్క మాట చాలదు.

తిన్న తర్వాత కథ మారుతుంది. ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ లిస్టీరియా తన ఆయుధాలు దాచే ఉంచుతుంది. ఆయుధాల తయారీని నడిపించే ప్రోటీన్ పేరు పీఆర్‌ఎఫ్‌ఏ. దాన్ని తయారుచేయమని చెప్పే ఆర్‌ఎన్‌ఏ పోగు మొదలు, ముప్పై డిగ్రీల లోపు తన మీద తానే మడిచిపెట్టుకుని ఉంటుంది, చదవడానికి వీలుండదు. ముప్పై ఏడు డిగ్రీల మన ఒంటి వేడి తగిలితే మడత విచ్చుకుంటుంది. ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాస్కల్ కొస్సార్ బృందం 2002లో దీన్ని బయటపెట్టింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి ఇది: శరీరంలోకి చేరానని ఆ జీవి తెలుసుకునేది వెచ్చదనాన్ని బట్టే.

అక్కడినుంచి పనులు చకచకా సాగుతాయి. లిస్టీరియా తన పైన ఉన్న ఇంటర్నలిన్ ఎ అనే ప్రోటీన్‌తో పేగు గోడ కణాల మీది ఈ-కాడ్‌హెరిన్‌ను పట్టుకుని లోపలికి చొరబడుతుంది. కణం దాన్ని ఒక సంచిలో బంధిస్తే, లిస్టీరియోలైసిన్ అనే పదార్థంతో సంచికి చిల్లులు పొడిచి బయటపడుతుంది. తర్వాత ఆ కణంలోని ఆక్టిన్ పోగులనే తన వెనక తోకలా అల్లుకుంటూ, ఆ తోపుడుతో ముందుకు దూసుకెళ్లి పక్క కణంలోకి దూరుతుంది. గోడకు కన్నం వేసి ఇంటి నుంచి పక్కింటికి పోయే దొంగ వీధిలోకి రానట్టే, అది ఒక కణం నుంచి ఇంకో కణానికి పోతూ బయటికి రానక్కర్లేదు. రక్తంలో తిరిగే యాంటీబాడీలకు అది దొరకదు. దాన్ని అదుపు చేయగలిగేవి, సోకిన కణాలనే గుర్తుపట్టి చంపే టీ-కణాలు.

గర్భిణి విషయంలో చిక్కంతా ఇక్కడే ఉంది. బిడ్డలో సగం తండ్రిది. తల్లి టీ-కణాలకు అది పరాయిది. అవి మాయ దగ్గర గుమిగూడి దాడి చేస్తే గర్భం నిలవదు. అందుకే గర్భాశయపు లోపలి పొర, టీ-కణాలను పిలిచే రసాయన సంకేతాలను అణిచివేస్తుందని ఎలుకల్లో 2012లో చూపించారు. గర్భం వస్తే ఒంట్లోని రోగనిరోధక శక్తి అంతా పడిపోతుందని తరచూ రాస్తుంటారు. అది సరైన మాట కాదు. ఎక్కువగా సడలేది మాయ చుట్టూ ఉన్న కాపలా, అదీ బిడ్డ బతకడానికే. సరిగ్గా ఆ చోటికే కణాల్లో దాక్కునే లిస్టీరియా చేరుతుంది.

మాయ కూడా ఊరికే దారి ఇవ్వదు. తల్లి రక్తంలో మునిగి ఉండే దాని పైపొర, హద్దులు లేని ఒకే మహా కణం. కణానికీ కణానికీ మధ్య అతుకులు ఉండవు, లిస్టీరియా పట్టుకునే పట్టూ దొరకదు. అయితే మాయను గర్భాశయపు గోడకు బిగించి ఉంచే వేళ్ల కొసల్లో విడివిడి కణాలు ఉంటాయి. బ్యాక్టీరియా ఎక్కువగా లోపలికి పోయేది అక్కడినుంచేనని అన్నా బకార్‌జీవ్ బృందం మానవ మాయ ముక్కల మీద 2010లో చేసిన ప్రయోగాల్లో తేలింది. గినీపిగ్‌ల మీద ఆమె అంతకుముందే చూపినది ఇంకా ఆలోచింపజేస్తుంది. మాయలోకి చేరిన కొద్దిపాటి బ్యాక్టీరియా అక్కడ పెరిగి, తిరిగి తల్లి అవయవాల్లోకి ప్రవహిస్తూ ఉంటుంది. మాయ బయటపడితే తల్లి కోలుకుంటుంది.

ఆసుపత్రుల్లో కనిపించే చిత్రం దీనికి సరిపోతుంది. ఫ్రాన్స్‌లో 2017లో ప్రచురితమైన మోనాలీసా అనే పెద్ద పరిశీలనలో 107 మంది గర్భిణులున్నారు. వాళ్లలో ఒక్కరూ చనిపోలేదు. ఏ ఇబ్బందీ లేకుండా గర్భం సాగినవాళ్లు మాత్రం ఐదుగురే. 26 మందికి గర్భం పోయింది, అవన్నీ 29 వారాల లోపు జరిగినవి. చాలామందికి నెలలు నిండకుండానే కాన్పయింది, బిడ్డకు రక్తంలో ఇన్‌ఫెక్షనో మెదడు పొరల వాపో వచ్చింది. తల్లికి కనిపించేది ఏమిటంటే జ్వరం, ఒళ్లునొప్పులు, నడుమునొప్పి, కొందరికి విరేచనాలు. మామూలు ఫ్లూ జ్వరంలాగే ఉంటుంది, కొందరికి అదీ ఉండదు.

కాబట్టి గర్భిణి చేయాల్సింది మాంసం మానడం, చీజ్ మానడం కాదు. చల్లగా, వండకుండా తినేవాటినే మానాలి. టర్కీ ముక్కలే తినాలనిపిస్తే పెనం మీదో మైక్రోవేవ్‌లోనో ముక్క అంతా 74 డిగ్రీలకు చేరేలా, ఆవిర్లు వచ్చేదాకా వేడిచేసుకుని తినవచ్చు. వేడివేడి పిజ్జా మీద కరిగి ఉడికిన మోజరెల్లాతో భయం లేదు. డీప్‌ఫ్రీజర్‌లో పెడితే లిస్టీరియా పెరగడం ఆగుతుంది గానీ చావదు. హైదరాబాద్, విజయవాడ సూపర్‌మార్కెట్లలోనూ ఇప్పుడు చికెన్ సలామీ, సాసేజ్ ప్యాకెట్లు చల్లని అరల్లో దొరుకుతున్నాయి, వాటికీ ఇదే పద్ధతి. పన్నీర్‌ను కూరలో ఉడికించి తినడం మన అలవాటు కనుక అది మేలే. తేమ ఎక్కువ, పులుపు తక్కువ ఉన్న పదార్థం కాబట్టి గర్భంతో ఉన్నప్పుడు సలాడ్‌లో పచ్చిగా వేసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. గడ్డపెరుగు పులుపులో లిస్టీరియా పెరగదు, దాన్ని మానక్కర్లేదు.

తెలియక ఇప్పటికే తిన్నవారు కంగారుపడాల్సిన పని లేదు. ప్రతి ప్యాకెట్‌లోనూ లిస్టీరియా ఉండదు, ఉన్నా చాలామందికి సోకదు. వెనక్కి రప్పించిన సరుకు తిన్నారని తెలిసినా, ఒంట్లో బాగుంటే పరీక్షలూ మందులూ అక్కర్లేదనీ, రెండు నెలల పాటు జ్వరం కోసం కనిపెట్టుకుని ఉంటే చాలనీ అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెబుతోంది. జ్వరం 100.6 ఫారెన్‌హీట్ దాటితే మాత్రం ఆలస్యం చేయకూడదు. డాక్టరుకు తిన్నది ఏమిటో, ఎప్పుడు తిన్నారో చెప్పాలి, నెల కిందటిదైనా సరే. మల పరీక్ష దీనికి నమ్మదగినది కాదు, రక్తాన్ని కల్చర్‌కు పంపాలి. ఫలితం రావడానికి రోజులు పడుతుంది కాబట్టి అనుమానం గట్టిగా ఉంటే అది వచ్చేలోపే మందు మొదలుపెడతారు. ఆ మందు పాతదే, చవకైనదే: నరం ద్వారా ఎక్కువ మోతాదులో ఇచ్చే ఆంపిసిలిన్, కనీసం రెండు వారాలు. జ్వరం అనగానే చాలాచోట్ల రాసే సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్ల జాతి మందులు లిస్టీరియా మీద పనిచేయవు. గర్భిణికి కారణం తెలియని జ్వరం వచ్చినప్పుడు ఆ తేడాను డాక్టరు గుర్తుపెట్టుకోవాలి.